మీకు తెలుసా? ఆరోగ్యం బాగున్న చోటే మరణాల రేటు ఎక్కువ!

బిహార్ కంటే కేరళలోనే చావులెక్కువ

నమ్మబుద్ధి కాదు గానీ లెక్క నిజమే. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నడిపే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ప్రకారం 2020లో ప్రతి వెయ్యి జనాభాకు బిహార్‌లో 5.4 మంది చనిపోతే, కేరళలో ఏడుగురు చనిపోయారు. ఇది చూసి బిహార్ ఆస్పత్రులు కేరళ కంటే మెరుగని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? అదే నివేదికలో పక్క పట్టిక చూపిస్తే చాలు. పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఏడాది నిండకుండానే పోయినవాళ్లు కేరళలో ఆరుగురు, బిహార్‌లో 27 మంది.

జపాన్ సంగతి ఇంకా విచిత్రం. ప్రపంచంలో ఎక్కువకాలం బతికేవాళ్లలో జపనీయులు ముందుంటారు. అక్కడ ఇప్పుడు వెయ్యికి ఏటా 12 మందికి పైగానే చనిపోతున్నారు. అంటే మన దేశపు సగటుకు రెట్టింపు!

ఈ తిరకాసు వయసులో ఉంది. 2021 అంచనాల ప్రకారం కేరళ జనాభాలో అరవై దాటినవాళ్లు 16.5 శాతం, బిహార్‌లో 7.7 శాతం. ఎంత మంచి వైద్యం ఉన్నా ఎనభై ఏళ్ల మనిషికి చావు ఇరవై ఏళ్ల కుర్రాడికంటే దగ్గర్లోనే ఉంటుంది. పెద్దవాళ్లు ఎక్కువున్న చోట చావులూ ఎక్కువే కనిపిస్తాయి.

రెండు ఊళ్లు, ఒక కూడిక

కాగితం మీద రెండు ఊళ్లు అనుకుందాం. రెండింటిలోనూ పదేసి వేల జనం. మొదటి ఊళ్లో పిల్లలు 3,000, నడివయసు వాళ్లు 6,000, అరవై దాటినవాళ్లు 1,000. రెండో ఊళ్లో కాన్పులు ఎప్పుడో తగ్గిపోయాయి కాబట్టి పిల్లలు 2,000, నడివయసు వాళ్లు 6,000, పెద్దవాళ్లు 2,000.

మొదటి ఊళ్లో ఏడాదికి వెయ్యి మంది పిల్లల్లో నలుగురు, వెయ్యి మంది నడివయసు వాళ్లలో ముగ్గురు, వెయ్యి మంది పెద్దవాళ్లలో నలభై మంది పోతారనుకోండి. 12, 18, 40 కలిపితే 70 చావులు. రెండో ఊరు అన్ని విధాలా మెరుగు. అక్కడ ఈ సంఖ్యలు వరసగా ఒకటి, రెండు, 32 మాత్రమే. ఇక్కడా కూడి చూడండి: 2, 12, 64. మొత్తం 78! ఏ వయసు తీసుకున్నా ముప్పు తక్కువగా ఉన్న ఊళ్లోనే ఎక్కువ పాడెలు లేచాయి.

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఉత్త మరణాల రేటుతో రెండు చోట్లను పోల్చరు. రెండింటికీ ఒకే వయసు పొందిక ఉంటే ఎలా ఉండేదో లెక్క కడతారు. రెండో ఊరి రేట్లను మొదటి ఊరి జనానికి వర్తింపజేస్తే 3, 12, 32 కలిపి 47 చావులే వస్తాయి. 70 ఎక్కడ, 47 ఎక్కడ! పత్రికల్లో ‘ఫలానా జిల్లాలో మరణాలు పెరిగాయి’ అని చదివినప్పుడు వయసు సర్దిన లెక్కా కాదా అని చూడకపోతే ఆ వార్తకు అర్థమే లేదు.

ఈ ఉదాహరణలో ఇంకో సంగతి ఉంది. మొదటి ఊరి చావుల్లో పెద్దవాళ్లవి 57 శాతం, రెండో ఊళ్లో 82 శాతం. పిల్లల్ని తీసుకెళ్లేవి విరేచనాలు, న్యుమోనియా, తట్టు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవి గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్. కొత్త జబ్బు ఒక్కటీ ఊళ్లోకి రాకపోయినా చనిపోయేవాళ్ల వయసు మారితే చావుకు కారణాల జాబితా మారిపోతుంది.

దేశానికి వయసు మీదపడేది తాతల వల్ల కాదు

‘జనం ఎక్కువకాలం బతుకుతున్నారు కాబట్టి దేశంలో వృద్ధులు పెరిగారు’ అని అందరం అనేస్తుంటాం. కానీ అది సరికాదని అమెరికన్ జనాభా శాస్త్రవేత్త ఆన్‌స్లీ కోల్ 1950ల్లోనే లెక్క తేల్చాడు. జనాభా వయసు పెరగడానికి అసలు కారణం కాన్పులు తగ్గడమే. మరణాలు తగ్గే తొలి దశలో దేశం ముసలిది కాదు సరికదా, ఇంకా పడుచుదవుతుంది. ఎందుకంటే టీకాలు, మంచినీళ్లు, యాంటీబయాటిక్స్ వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువగా బతికి బయటపడేది పసిపిల్లలు. యాభై, అరవై ఏళ్ల క్రితం మన ఇళ్లలో ఏడుగురు, ఎనిమిది మంది సంతానం కనిపించేది అందుకే. అంతకుముందు తరంలోనూ అంతమంది పుట్టేవారు, కాకపోతే అందరూ దక్కేవాళ్లు కాదు.

ఆ తర్వాత కాన్పులు తగ్గుతాయి. మన దగ్గర అవి తగ్గిన వేగం మామూలుది కాదు. 1992-93లో తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తరం తర్వాత తరం అంతే ఉండాలంటే కావలసింది 2.1. బిహార్ అప్పటికీ 3.0 దగ్గరే ఉంది.

ఇదంతా చదువులు, ఉద్యోగాలు పెరగడం వల్లే జరిగిందనుకుంటే పొరపాటు. మాత్రలు, లూప్‌ల పాత్ర కూడా ఇందులో స్వల్పమే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అంతటితో సరి. భారమంతా ఆడవాళ్ల మీదే పడిందన్న సంగతి ఈ విజయగాథలో ఎవరూ ఎత్తరు.

గోదావరి పల్లెల్లో 1,354 చావులు

2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక పరిశోధన జరిగింది. పేరు ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్. ఆ పల్లెల జనాభా దాదాపు లక్షా ఎనభై వేలు. పన్నెండు నెలల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి వివరం సేకరించారు. మొత్తం 1,354 మంది.

పల్లెలో మనిషి దేనితో పోయాడో తెలుసుకోవడం అనుకున్నంత తేలిక కాదు. చాలామంది ఇంట్లోనే పోతారు. డాక్టరు చూసి కారణం రాసిన సర్టిఫికెట్ ఉండదు. దేశం మొత్తం మీద నమోదయ్యే మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి ఇప్పటికీ నాలుగో వంతుకు అటూఇటూగానే ఉన్నాయి. అందుకే వెర్బల్ అటాప్సీ అనే పద్ధతి వాడతారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో దగ్గరున్న మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. ‘నొప్పి ఎక్కడొచ్చిందన్నారండీ? ఛాతీలోనా, కడుపులోనా? ఎంతసేపుంది? చెమటలు పట్టాయా? ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోయాయా? మాట పోయిందా? అంతకుముందు బీపీకి గానీ షుగర్‌కి గానీ మందులు వాడేవారాండీ?’ ఇంట్లో ఉన్న పాత చీటీలు, మందుల అట్టలు కూడా చూస్తారు. ఆ కాగితాలు డాక్టర్ల దగ్గరికి వెళ్తాయి. వాటిని చదివి వాళ్లు కారణం తేలుస్తారు. దేశవ్యాప్తంగా జరిగిన మిలియన్ డెత్ స్టడీలో అయితే ఇద్దరు డాక్టర్లు ఒకరికొకరు తెలియకుండా చదివేవారు. ఇద్దరికీ పొసగకపోతే మూడో సీనియర్ డాక్టరు తీర్పు చెప్పేవారు.

‘గుండె ఆగిపోయిందండీ’ అన్న సమాధానంతో ఇక్కడ పని జరగదు. ఎవరు పోయినా గుండె ఆగే పోతారు. ఆస్పత్రి సర్టిఫికెట్లలోనూ ఈ జాడ్యం ఉంది. ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసేసి సంతకం పెడతారు. గుండె, ఊపిరి ఎందుకు ఆగాయో చెప్పని ఆ కాగితం గణాంకాలకు కొరగాదు. వెర్బల్ అటాప్సీకీ ఒక బలహీనత ఉంది. రోడ్డు ప్రమాదం, ఉరి, పక్షవాతం లాంటివి ఇంటివాళ్ల మాటల్లోంచి బాగానే బయటపడతాయి. ఎనభై దాటిన మనిషికి ఒకేసారి నాలుగైదు బాధలుంటే ఏది ముంచిందో తేల్చడం కష్టం. ‘పెద్దవారైపోయారు, పోయారు’ అంటారు ఇంటివాళ్లు. వాళ్ల దృష్టిలో అది చాలు.

గోదావరి పల్లెల్లో 98 శాతం మరణాలకు ఇలా విచారణ పూర్తయింది. ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం. గుండెపోటు, పక్షవాతం దాదాపు సమానంగా ఉన్నాయి. రెండో స్థానం గాయాలు, ప్రమాదాల లాంటి బయటి కారణాలది, 13 శాతం. అందులో మూడో వంతు ఆత్మహత్యలు. అంటువ్యాధులది ఆ తర్వాతే, 12 శాతం.

సరిగ్గా ఆ రోజుల్లో పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏం చేసేది? టీకాలు, గర్భిణుల పరీక్షలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, మలేరియా రక్తపూతలు, క్షయ మందులు. అవన్నీ అవసరమే. కానీ చనిపోయేవాళ్లలో మూడో వంతు మంది దేనితో పోతున్నారో దానికి అక్కడ ఒక రిజిస్టర్ కూడా లేదు. పైగా ‘గుండె జబ్బులు పట్నపు షావుకార్లవి’ అన్న నమ్మకం డాక్టర్లలోనే గట్టిగా ఉండేది. అసాంక్రమిక వ్యాధుల కోసం కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది 2010లో. జబ్బుల తీరు మారాక యంత్రాంగం కదలడానికి ఎన్నేళ్లు పట్టిందో మీరే చూడండి.

శాతం పెరిగితే ముప్పు పెరిగినట్టేనా?

కాకపోవచ్చు. దేశంలో 1990లో మొత్తం మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 15.2 శాతం. 2016లో 28.1 శాతం. ‘గుండె జబ్బు ముప్పు రెట్టింపైంది’ అని శీర్షిక పెట్టేయొచ్చు గానీ, మన రెండు ఊళ్ల లెక్క గుర్తుందిగా? శాతం అన్నాక మొత్తం నూరే. విరేచనాలతో పోయే పిల్లలు తగ్గితే మిగతా వాటి వాటా దానంతటదే పెరుగుతుంది.

అడగాల్సింది ఏ వయసులో పోతున్నారని. తొంభై ఏళ్లకు గుండె ఆగితే దాన్ని ఆరోగ్య శాఖ వైఫల్యంగా ఎవరూ చూడరు. నలభై ఎనిమిదేళ్ల ఆటో డ్రైవర్‌కి ఆగితే అది వేరే సంగతి. మన దేశంలో 2016లో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లలో సగానికి పైగా డెబ్బై నిండనివాళ్లే. అందుకే ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో కూడా ఈ జబ్బుల మరణాలను మొత్తంగా లెక్కించరు. ముప్పై ఏళ్లున్న మనిషి డెబ్బై లోపు వీటితో పోయే అవకాశం ఎంత అన్నది చూస్తారు. 2030 నాటికి దాన్ని మూడో వంతు తగ్గించాలన్నది లక్ష్యం.

పదివేల మంది ఊళ్లో ఎన్ని విజిట్లు?

ప్రాధాన్యం మారడమంటే బోర్డు మార్చడం కాదు, పని పరిమాణం మారడం. పదివేల జనాభా ఉన్న ఊరిని తీసుకోండి. మన రాష్ట్రాల్లో ఇప్పటి జననాల రేటు ప్రకారం ఏడాదికి సుమారు 160 కాన్పులు. ఒక్కో గర్భిణికి నాలుగు పరీక్షలు, ఒక్కో బిడ్డకు టీకాల కోసం ఐదుసార్లు రాక. అన్నీ కలిపి 1,500 లోపే.

ఇప్పుడు బీపీ సంగతి. ముప్పై దాటినవాళ్లు అయిదు వేల మంది ఉన్నారనుకుందాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలోనే సుమారు నాలుగో వంతు మందికి బీపీ ఎక్కువుందని తేలింది. ముప్పై దాటినవాళ్లలో ఇంకా ఎక్కువే ఉంటుంది గానీ నాలుగో వంతే అనుకున్నా 1,250 మంది. నెలకోసారి మాత్రలకు రావాలంటే ఏడాదికి 15,000 రాకలు. పాత పనికి పదింతలు! షుగర్ ఇందులో కలపనే లేదు.

పైగా పని స్వభావమే వేరు. టీకా వేస్తే పని అయిపోతుంది, బిడ్డకు జ్వరం వస్తుంది తప్ప తల్లికి నమ్మకం పోదు. బీపీ మాత్ర అలా కాదు. ఏ బాధా లేని మనిషిని ముప్పై ఏళ్ల పాటు రోజూ మింగమనాలి. బాగున్నాను కదా అని మానేస్తాడు. లేదా పీహెచ్‌సీకి వెళ్తే ఈ నెల అది రాలేదు, ఇంకోటి తీసుకోండి అంటారు. అక్కడే తెగిపోతుంది.

2017 చివర్లో అయిదు రాష్ట్రాల్లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తెలంగాణ కూడా ఉంది. అందులో వాడిన ఉపాయాలు చాలా సాదావి. డాక్టర్‌ని బట్టి మందు మారకుండా రాష్ట్రమంతా ఒకే వరస పెట్టారు: మొదట ఏ మాత్ర, అదుపులోకి రాకపోతే ఎంత పెంచాలి, తర్వాత ఏది చేర్చాలి. దానివల్ల ఎన్ని మాత్రలు కొనాలో ముందే తెలుస్తుంది. ప్రతి రోగికీ ఒక కార్డు, చివరి రీడింగ్ 140/90 కంటే తక్కువుందా లేదా అన్న ఒక్క ప్రశ్న.

మోసం జరగడానికి వీలున్నది ఆ ప్రశ్న దగ్గరే. వంద మంది పేర్లు రాసుకున్నారు. మూడు నెలల్లో అరవై మంది వచ్చారు, వాళ్లలో నలభై ఐదుగురికి బీపీ అదుపులో ఉంది. వచ్చినవాళ్లలో చూస్తే 75 శాతం, కలెక్టర్ సమీక్షలో చెప్పుకోవడానికి బాగుంటుంది. రాసుకున్న వందలో చూస్తే 45 శాతమే. రాని నలభై మంది ఏమయ్యారో తెలియదు, పక్షవాతం వచ్చేది వాళ్లలోనే. సరైన పద్ధతిలో వాళ్లకు ‘రాలేదు’ అని వేరే గడి ఉంటుంది. ఏ జిల్లా నివేదికలోనైనా ఆ గడి కనిపించకపోతే పైనున్న శాతాన్ని నమ్మకండి.

కాన్పులు తగ్గితే కోతలు పెరిగాయి

ఇదొక చిన్న పక్క కథ. తెలంగాణలో 2019-21 నాటికి దాదాపు కాన్పులన్నీ ఆస్పత్రుల్లోనే. ఒకప్పటి సమస్య గర్భిణిని ఆస్పత్రికి చేర్చడం. ఆ సమస్య తీరింది. కానీ ఆ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఇంట్లో ఒకటో రెండో కాన్పులే ఉన్నప్పుడు ఎవరికీ ధైర్యం చాలదు, ముహూర్తం చూసుకునేవాళ్లూ తక్కువేం లేరు. పర్యవేక్షణ చేసేవాళ్లు ఇప్పుడు చూడాల్సింది ఆస్పత్రికి వచ్చారా అని కాదు, కోత అవసరమైందా అని.

పాత జబ్బులు ఖాళీ చేసి వెళ్లవు

ఈజిప్టులో పుట్టిన అబ్దెల్ ఒమ్రాన్ 1971లో ఒక సిద్ధాంతం రాశాడు. కరువులు, మహమ్మారుల కాలం పోయి, అంటువ్యాధులు తగ్గుముఖం పట్టే కాలం వస్తుందని, ఆ తర్వాత క్షీణత వల్ల, మనిషి చేతల వల్ల వచ్చే జబ్బుల కాలమని మూడు దశలు చెప్పాడు. తర్వాత పదేళ్లకే ఎయిడ్స్ బయటపడింది. మన దేశంలో దాని దెబ్బ గట్టిగా తగిలిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోవిడ్ సంగతి చెప్పక్కర్లేదు.

ఒమ్రాన్ దశలు బొమ్మలో బాగుంటాయి, ఇంట్లో అంత శుభ్రంగా ఉండవు. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. అదే ఇంట్లో అత్తగారికి షుగర్, కోడలికి రక్తం తక్కువ. కొన్నిసార్లు పాత జబ్బూ కొత్త జబ్బూ చేతులు కలుపుతాయి. షుగర్ ఉన్న మనిషికి క్షయ వచ్చే ముప్పు రెండు మూడింతలు ఎక్కువ. అందుకే క్షయ అని తేలిన ప్రతి ఒక్కరికీ షుగర్ పరీక్ష చేయాలన్నది నియమం. క్షయ కేంద్రాన్ని మూసి షుగర్ క్లినిక్ తెరుద్దామనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

2045 లెక్క ఇప్పటికే రాసేసి ఉంది

ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ముప్పై ఏళ్ల క్రితం జనాభా పెరుగుతోందన్న భయంతో పెట్టిన నిబంధన అది. ఇప్పుడు ఎక్కువమందిని కనమని సాక్షాత్తు ముఖ్యమంత్రే చెబుతున్నారు.

ఆ మాట విని రేపటినుంచే కాన్పులు పెరిగాయనుకోండి. ఊళ్లో మొదట పెరిగేది బాలింతలు, టీకాల పని. 2045లో అరవై దాటి ఉండబోయేవాళ్లలో ఒక్కరు కూడా ఇంకా పుట్టాల్సినవాళ్లు కాదు. వాళ్లందరూ 1985 నాటికే పుట్టేశారు. నలభై దాటి, పీహెచ్‌సీ స్క్రీనింగ్ జాబితాలో వాళ్ల పేర్లు ఉండాల్సిన వయసులోనే ఉన్నారు.